పెరుగుదల జోరు సగం దగ్గరే ఎందుకు తగ్గుముఖం పడుతుంది?

1913లో టార్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసంలో కొద్దిగా ఈస్ట్ వేసి, గంటగంటకూ అది ఎంత పెరిగిందో కొలిచాడు. తాటికల్లును పొంగించేదీ, బ్రెడ్డును ఉబ్బించేదీ ఈ ఈస్టే. మొదట్లో దాని పరిమాణం 9.6. గంట గడిచేసరికి 18.3. రెండో గంటకు 29. అయిదో గంటకు 119.1. ఎనిమిదో గంటకు 350.7. పన్నెండో గంటకు 594.8. పద్దెనిమిదో గంటకు 661.8 దగ్గర దాదాపు ఆగిపోయింది. ఇవి ఒకే కొలమానంలో వేసిన లెక్కలు.

వందేళ్లు దాటినా ఈ అంకెలు జీవశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. జీవుల పెరుగుదల గురించి గణితం చెప్పే ఒక మాట వీటిలో మామూలు కూడికలూ తీసివేతలతోనే బయటపడుతుంది. చోటు పరిమితంగా ఉన్నప్పుడు, ఆ చోటు మోయగలిగినంతలో సగానికి చేరేదాకా పెరుగుదల వేగం పుంజుకుంటూ పోతుంది. సగం దాటాక సంఖ్య పెరుగుతూనే ఉన్నా వేగం మాత్రం పడిపోతూ వస్తుంది. నిండటానికి ఇంకా సగం మిగిలి ఉండగానే పెరుగుదల తన ఉచ్ఛదశను దాటేసి ఉంటుందన్నమాట.

కార్ల్‌సన్ అంకెల్లో ప్రతిదాని నుంచీ దాని ముందుదాన్ని తీసేస్తే గంటకు ఎంత పెరిగిందో తెలుస్తుంది. మొదటి గంటలో 8.7, తర్వాత వరుసగా 10.7, 18.2, 23.9, 48.0, 55.5, 82.7. ఏడో గంట నుంచి ఎనిమిదో గంట మధ్యలో 93.4. అన్నింట్లోకీ పెద్దది అదే. ఆ తర్వాతి గంటలో 90.3, ఆపైన 72.3, 46.4, 35.1... చివరి గంటకు 2.2.

ఇంకో మెట్టు పైకెక్కి, ఈ పెరుగుదల అంకెల మధ్య తేడాలను కూడా తీయవచ్చు. 8.7 నుంచి 10.7కు అంటే 2 ఎక్కువ. 10.7 నుంచి 18.2కు అంటే 7.5 ఎక్కువ. ఇలా ఎనిమిదో గంట వరకూ వచ్చే తేడాలన్నీ ధనాత్మకమే. 93.4 నుంచి 90.3కు వచ్చేసరికి మొట్టమొదటిసారి రుణ గుర్తు పడుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ఒక్క తేడా కూడా మళ్లీ ధనాత్మకం కాదు. ప్రయోగశాల కొలతల్లో ఎంతోకొంత ఒడుదుడుకులు తప్పవు, ఇందులోనూ ఉన్నాయి. అయినా ఈ గుర్తు ఒకే ఒక్కసారి మారడం నిజంగా ముచ్చటైన సంగతి. ఆ మార్పు జరిగినప్పుడు ఈస్ట్ పరిమాణం 350 చుట్టుపక్కల ఉంది. చివరికి అది చేరబోయే హద్దు సుమారు 665. అందులో సగం 332.5.

ఇలా జరగడానికి కారణం రెండు శక్తుల గుణకారంలో ఉంది. ఈస్ట్ కణం మొగ్గతొడిగి మరో కణాన్ని పుట్టిస్తుంది. కాబట్టి కణాలు ఎన్ని ఎక్కువుంటే పుట్టేవీ అన్ని ఎక్కువ. అదొక్కటే అయితే పెరుగుదలకు అడ్డే ఉండదు. కానీ రసంలో చక్కెర ఖర్చవుతుంది, ఆల్కహాలు పేరుకుంటుంది. అంటే ఖాళీ తగ్గేకొద్దీ ఒక్కో కణానికి దక్కే అవకాశమూ తగ్గుతుంది. పుట్టించేవాళ్ల సంఖ్య ఒక వైపు పెరుగుతుంటే, మిగిలిన ఖాళీ మరో వైపు కుంచించుకుపోతుంది. పెరుగుదల వేగం ఈ రెండింటి లబ్ధం.

బెల్జియం గణితజ్ఞుడు పియెర్ ఫ్రాన్సువా వెర్‌హుల్స్ట్ 1838లో దీన్నే ఒక సమీకరణంగా రాశాడు. 1845లో దానికి లాజిస్టిక్ అని పేరు పెట్టాడు.

dN/dt = rN(1 − N/K)

ఇందులో N అంటే ఇప్పుడున్న సంఖ్య. K అంటే ఆ చోటు మోయగలిగిన గరిష్ఠ సంఖ్య, దీన్నే ధారణ సామర్థ్యం అంటారు. అడ్డేదీ లేనప్పుడు ఒక్కో జీవి లెక్కన ఉండే పెరుగుదల రేటు r. కుండలీకరణంలో ఉన్న 1 − N/K అనేది, మొత్తం చోటులో ఇంకా ఎంత వంతు ఖాళీగా ఉందో చెబుతుంది. ఎడమవైపున్న dN/dt పెరుగుదల వేగం.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేమండ్ పెర్ల్ తర్వాత కార్ల్‌సన్ అంకెలకు ఈ సమీకరణాన్ని సరిపోల్చి చూశాడు. K విలువ 665, r విలువ గంటకు 0.531 అని తేలింది. వాటిని వేసి లెక్క చూస్తే, ఈస్ట్ 100 ఉన్నప్పుడు 665లో 565 వంతులు ఖాళీ, వేగం గంటకు సుమారు 45. ఈస్ట్ 565 ఉన్నప్పుడు ఖాళీ 100 వంతులే, వేగం మళ్లీ సరిగ్గా అదే 45. పుట్టించేవి తక్కువై ఖాళీ ఎక్కువున్నా, పుట్టించేవి ఎక్కువై ఖాళీ తక్కువున్నా ఫలితం ఒక్కటే. రెండూ సమానమైన చోట, అంటే 332.5 దగ్గర, వేగం 88కి చేరుతుంది. రెండు సంఖ్యల మొత్తం మారకుండా ఉంటే, అవి సమానమైనప్పుడే వాటి లబ్ధం అన్నింటికన్నా పెద్దదవుతుందని హైస్కూలు పిల్లలకు తెలిసిన విషయమే. సగం అనే సంఖ్య అక్కడి నుంచే వచ్చింది.

ఈ మాటను కలన గణితం ద్వితీయ అవకలజంతో నిరూపిస్తుంది. ఊరి నుంచి బయల్దేరిన బస్సు ఎంత దూరం వెళ్లిందన్నది ఒక లెక్క, ఎంత వేగంగా వెళుతోందన్నది రెండో లెక్క, ఆ వేగం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మూడో లెక్క. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టిన క్షణంలో కూడా బస్సు ముందుకే పోతుంటుంది. బ్రేకు పడిందన్న సంగతి మూడో లెక్కలోనే కనబడుతుంది. ప్రథమ అవకలజం వేగాన్ని చెబితే, ద్వితీయ అవకలజం ఆ వేగంలో వచ్చే మార్పును చెబుతుంది. కార్ల్‌సన్ అంకెల్లో తేడాలకు తేడాలు తీయడమంటే చేత్తో వేసిన ద్వితీయ అవకలజమే.

సమీకరణాన్ని విప్పి రాస్తే పెరుగుదల వేగం rN − rN²/K. దీన్ని కాలంతో అవకలనం చేయాలి. విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే. N కూడా కాలంతోపాటు మారుతోంది కాబట్టి, N పరంగా అవకలనం చేసి ఊరుకుంటే సరిపోదు. శృంఖల నియమం ప్రకారం దాన్ని dN/dtతో మళ్లీ గుణించాలి. అప్పుడు వచ్చేది ఇది.

d²N/dt² = r(1 − 2N/K) · dN/dt

dN/dt స్థానంలో దాని విలువను రాస్తే

d²N/dt² = r²N(1 − N/K)(1 − 2N/K)

వేగం శిఖరాన ఉన్నప్పుడు దానిలో మార్పు సున్నా కావాలి. కుడివైపున్న లబ్ధం మూడు చోట్ల సున్నా అవుతుంది: N సున్నా అయినప్పుడు, N విలువ K అయినప్పుడు, N విలువ K/2 అయినప్పుడు. మొదటి రెండు చోట్లా అసలు పెరుగుదలే లేదు. ఒక దగ్గర పుట్టించే జీవి లేదు, మరో దగ్గర చోటు లేదు. మిగిలింది K/2. సున్నా అయినంత మాత్రాన అది శిఖరమని తేల్చేయకూడదు, గుర్తు ఎలా మారుతోందో చూడాలి. N సగం కన్నా తక్కువున్నప్పుడు మూడు కారణాంకాలూ ధనాత్మకమే, వేగం పెరుగుతుంది. సగం దాటగానే 1 − 2N/K ఒక్కటే రుణాత్మకమవుతుంది, వేగం తగ్గడం మొదలవుతుంది. కాబట్టి అది శిఖరమే. గ్రాఫులో ఆంగ్ల అక్షరం Sలా సాగే గీత అంతదాకా పైకి వంపు తిరుగుతూ వచ్చి, అక్కడి నుంచి కిందికి వంపు తిరుగుతుంది. ఆ బిందువు దగ్గర వేగం ఎంతో కావాలంటే సమీకరణంలో K/2 వేస్తే చాలు, rK/4 వస్తుంది.

పెర్ల్ సరిపోల్చిన సూత్రం ప్రకారం ఈ మలుపు 7.8వ గంటలో రావాలి. కొలతల్లో అతి పెద్ద పెరుగుదల కనిపించింది ఏడు, ఎనిమిది గంటల మధ్యే. వేగం విషయంలో మాత్రం కొంచెం తేడా ఉంది. సూత్రం 88 అంటుంటే కొలత 93.4 చూపించింది. ప్రకృతి సూత్రానికి దగ్గరగా నడిచింది కానీ అక్షరం పొల్లుపోకుండా నడవలేదు.

మలుపు వెనకబడ్డాక దాన్ని గుర్తించడం తేలికే. ముందుగా గుర్తించడమే కష్టం. ఈస్ట్ అంకెల్లో మొదటి నాలుగైదు గంటలవే చేతిలో ఉంటే, అది హద్దే లేకుండా రెట్టింపవుతూ పోతుందనుకున్నా కాదనలేం. N చిన్నగా ఉన్నప్పుడు 1 − N/K దాదాపు 1కి సమానం. అప్పుడు K విలువ 665 అయినా 6,650 అయినా గీత ఆకారంలో కంటికి ఆనే తేడా ఉండదు. హద్దు ఎక్కడుందన్న సమాచారం గీత వంగడంలోనే ఉంటుంది. వంగకముందే హద్దును లెక్కగట్టడం చాలా ప్రమాదం.

వంగాక కూడా ప్రమాదం పూర్తిగా పోదని పెర్ల్ స్వానుభవమే చెబుతుంది. 1920లో ఆయన, సహచరుడు లోవెల్ రీడ్ కలిసి అమెరికా జనాభాకు లాజిస్టిక్ గీత గీశారు. 1790 నుంచి 1910 వరకూ పదేళ్లకోసారి వచ్చిన జనాభా లెక్కలు వాళ్ల ముందున్నాయి. అమెరికా జనాభా 19 కోట్ల 73 లక్షల దగ్గర ఆగుతుందనీ, అందులో సగాన్ని 1914 ప్రాంతంలోనే దాటేసిందనీ వాళ్ల లెక్క తేల్చింది. 1930లో వచ్చిన జనాభా లెక్క వాళ్ల అంచనాకు చాలా దగ్గరగా ఉంది. దాంతో ఈ పద్ధతికి మంచి పేరొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ జననాలు ఒక్కసారిగా పెరిగాయి, వలసలు సాగాయి, సేద్యమూ వైద్యమూ మారిపోయాయి. 1970 నాటికే అమెరికా జనాభా 20 కోట్లు దాటింది. 2020లో అది 33 కోట్ల 14 లక్షలు.

లెక్కలో తప్పు లేదు. K అనేది మారని సంఖ్య అనుకోవడమే తప్పు. మూత బిగించిన పాత్రలో రసం ఎంతుందో అంతే ఉంటుంది కాబట్టి ఈస్ట్‌కు K కదలదు. దేశం ఎరువు తెచ్చుకుంటుంది, కాలువ తవ్వుకుంటుంది, మందు కనిపెడుతుంది. హద్దే జరిగిపోతే దానిలో సగమూ జరిగిపోతుంది, మలుపు వచ్చేసిందన్న తీర్పు చెల్లకుండా పోతుంది.

సగం దగ్గర వేగం ఎక్కువన్న మాటను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది మత్స్య శాస్త్రం. సముద్రంలో చేపల మంద K దగ్గర ఉంటే కొత్తగా పెరిగేది దాదాపు సున్నా. మందను వేటతో సగానికి తెచ్చి అక్కడే నిలిపితే, ఏడాదికి rK/4 చొప్పున పెరుగుతుంది. ఆ పెరిగినంతా పట్టుకున్నా మంద తరగదు. అమెరికా శాస్త్రవేత్త మిల్నర్ షేఫర్ 1954లో ఈ లెక్కను వేట గణాంకాలతో ముడిపెట్టి వాడుకకు తెచ్చాడు. ఇలా ఎప్పటికీ పట్టుకోగల అత్యధిక మొత్తాన్ని గరిష్ఠ సుస్థిర దిగుబడి అంటారు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలోనూ ఇది లక్ష్యంగా చోటు సంపాదించుకుంది.

ఇందులో దాగి ఉన్న ముప్పును చూడటానికి చిన్న లెక్క వేసుకోవచ్చు. ఒక తీరంలో మోయగల చేప 10,000 టన్నులు, r విలువ ఏడాదికి 0.4 అనుకుందాం. సగం అంటే 5,000 టన్నుల దగ్గర ఏడాదికి 0.4 × 10,000 ÷ 4, అంటే 1,000 టన్నులు పెరుగుతుంది. ప్రభుత్వం ఏటా సరిగ్గా 1,000 టన్నులు పట్టుకోవచ్చని కోటా పెట్టింది. అంతా సవ్యంగా ఉన్నంతకాలం మంద 5,000 దగ్గరే నిలకడగా ఉంటుంది. ఒక ఏడాది నీళ్లు వేడెక్కి పిల్ల చేపలు తగ్గాయి, మంద 4,500కు పడింది. కోటా మారలేదు.

4,500 దగ్గర పెరుగుదల 0.4 × 4,500 × 0.55, అంటే 990 టన్నులు. పట్టేది 1,000. ఏడాదికి లోటు పది టన్నులే. ఎవరికి మాత్రం అది పెద్ద విషయంగా కనిపిస్తుంది? శిఖరం దగ్గర గీత బల్లపరుపుగా ఉండటమే దీనికి కారణం. సగానికి కాస్త అటూ ఇటూ ఎక్కడున్నా వేగం దాదాపు ఒక్కటే. అందుకే హెచ్చరిక అంత సన్నగా వినిపిస్తుంది. ఇలాగే సాగితే 4,500 నుంచి 4,000కు దిగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. 4,000 దగ్గర ఏడాదికి లోటు 40, మూడు వేల దగ్గర 160, రెండు వేల దగ్గర 360. 4,000 నుంచి మొత్తం తుడిచిపెట్టుకుపోవడానికి 20 ఏళ్లు చాలు. అందులోనూ ఆఖరి 3,000 టన్నులూ అంతరించేది ఏడున్నరేళ్లలోనే. పాతికేళ్లపాటు పడవలు నిండుగానే తిరిగివస్తాయి కాబట్టి, ఏటా వచ్చే వేటను చూసి మంద బాగుందనుకుంటే మోసపోతారు. నీళ్లలో ఎంత మిగిలిందో విడిగా కొలవాలి. ఒక్కో పడవ ఒక్కో రోజుకు ఎంత తెస్తోందో చూడాలి. వేట మొత్తం మారకపోయినా, అంతే చేపకు ఎక్కువ గంటలు వల వేయాల్సి వస్తోందంటే మంద తగ్గుతున్నట్టే.

అదే కోటాను 900 టన్నులకు తగ్గిస్తే సంగతి పూర్తిగా మారిపోతుంది. పెరుగుదల 900 అయ్యేది రెండు చోట్ల: 6,580 టన్నుల దగ్గర ఒకటి, 3,420 టన్నుల దగ్గర మరొకటి. మంద పైదాని దగ్గర స్థిరపడుతుంది. అక్కడ ఒక చెడ్డ ఏడాది వచ్చి వెయ్యి, రెండు వేల టన్నులు పోయినా, పెరుగుదల 900 కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి మంద మళ్లీ కోలుకుంటుంది. 3,420 కన్నా కిందికి పడితేనే గండం. పది శాతం వేట వదులుకుంటే మూడు వేల టన్నులకు పైగా రక్షణ దొరుకుతుంది. ఇంత లాభసాటి బేరం మరొకటి ఉండదు. అది లాభసాటి కావడానికీ కారణం శిఖరం బల్లపరుపుగా ఉండటమే.

పెరూ తీరంలో దొరికే ఆంకోవెటా అనే చిన్న చేప విషయంలో ఎదురైన దెబ్బ ఇలాంటిదే, కానీ మరింత వేగంగా తగిలింది. 1970లో అక్కడ కోటీ ఇరవై లక్షల టన్నులకు పైగా చేప పట్టారు. ప్రపంచంలో ఏ ఒక్క జాతి చేపా అంత దొరకలేదు. 1972లో ఎల్ నినో వచ్చి తీరంలోని చల్లటి, పోషకాలు నిండిన నీళ్లను వేడి నీళ్లు కమ్మేశాయి. చేపకు ఆ చోటు మోయగల సామర్థ్యమే కుప్పకూలింది. అప్పటికే వేట ఒత్తిడిలో ఉన్న మంద దాన్ని తట్టుకోలేకపోయింది. 1973లో దొరికింది 20 లక్షల టన్నుల చుట్టుపక్కలే. ఒక్క వాతావరణాన్నో ఒక్క వేటనో తప్పుపట్టలేం. రెండూ కలిసి వచ్చినప్పుడు మధ్యలో కాచుకునే వెసులుబాటు లేకపోవడమే అసలు లోపం. 1977లో కెనడా శాస్త్రవేత్త పీటర్ లార్కిన్ గరిష్ఠ సుస్థిర దిగుబడి అనే భావనకు చరమగీతం పాడుతూ ఏకంగా ఒక వ్యాసమే రాశారు.

ఇక సగం అనే సంఖ్య గురించి ఒక జాగ్రత్త. ఖాళీ తగ్గేకొద్దీ ఒక్కో జీవి పెరుగుదల రేటు నిచ్చెన మెట్లలా సమానంగా తగ్గుతుందని వెర్‌హుల్స్ట్ సమీకరణం అనుకుంటుంది. 50 శాతం అనేది ఆ ఊహ నుంచి పుట్టిందే తప్ప జీవులన్నింటికీ ప్రకృతి రాసిపెట్టింది కాదు. కణితుల పెరుగుదలకు తరచూ వాడే గోంపెర్ట్జ్ సమీకరణంలో వేగం శిఖరానికి చేరేది హద్దులో 37 శాతం దగ్గరే. చేపల్లోనూ జాతిని బట్టి ఇది సగానికి అటో ఇటో జరుగుతుంది. శిఖరాన్ని వెతికే పద్ధతి మాత్రం అన్నింటికీ ఒక్కటే: ద్వితీయ అవకలజం ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారేది ఎక్కడ?

ఇవాళ ఆస్ట్రేలియాలో కేంద్ర ప్రభుత్వ పరిధిలోని చేపల వేటకు ఉన్న విధానంలో ఈ పాఠాలన్నీ కనిపిస్తాయి. ఆ జాతికి విడిగా లెక్క లేనప్పుడు, వేట మొదలుకాకముందున్న మందలో 40 శాతాన్ని పెరుగుదల శిఖరంగా తీసుకుంటారు. లక్ష్యాన్ని మాత్రం అక్కడ పెట్టరు, ఇంకాస్త పైన 48 శాతం దగ్గర పెడతారు. మంద 20 శాతం కన్నా కిందికి పడితే ఆ చేప కోసం వేటకు వెళ్లడం ఆపేయాల్సిందే.